బావ, బావమరిది, ఒక బట్టల కొట్టు

చీరాలలోని ఆ కొట్టుకు నేను వెళ్లేసరికి షట్టరు సగం దించి సరుకు లెక్క చూస్తున్నారు. పెట్టుబడిలో ఎక్కువ వాటా బావది. పొద్దున్నించి రాత్రిదాకా గల్లా దగ్గర కూర్చునేది బావమరిది. లాభం చెరిసగం. ఉన్నదే ఇద్దరు గనుక ఒకరు తప్పుకుంటే ఫర్మ్ రద్దయినట్టే. కొట్టు బావ ఉంచుకుంటాడు. లెక్క తేల్చడానికి ఇద్దరికీ నమ్మకమైన ఒక పెద్దాయన వచ్చాడు, ఆయనదీ బట్టల వ్యాపారమే.

బిల్లుల ప్రకారం సరుకు 20 లక్షలు. పెద్దాయన బిల్లులు పక్కన పెట్టి తాన్లు దింపించి మడతలు విప్పించాడు. మడత దగ్గర రంగు వెలిసినవీ, రెండు దసరాలు దాటినా కదలనివీ కలిపి 4 లక్షలకు కొన్నవి తేలాయి. వాటికి సగం ధరే కట్టాడు. సరుకు 18 లక్షలైంది. రావలసిన బాకీల్లో గట్టివి 3 లక్షలే కలిపాడు. అనుమానమున్నవి వసూలైనప్పుడు పంచుకోవాలి.

మొత్తం 21 లక్షల్లో హోల్‌సేల్ వాళ్లకు 8 పోతే 13. బావమరిది ఫర్మ్‌కు అప్పుగా ఇచ్చిన లక్ష తీస్తే 12. 1932 నాటి భాగస్వామ్య చట్టం చెప్పే వరసే ఇది: బయటి అప్పులు, భాగస్వాముల అప్పులు, ఆ తర్వాతే పెట్టుబడి. బావ పెట్టుబడి 6, బావమరిదిది 2. మిగిలిన 4 చెరి రెండు.

అసలు పేచీ గుడ్‌విల్ దగ్గర వచ్చింది.

“ఏటా సగటున ఆరు లక్షల లాభం. రెండేళ్లది కట్టు బావా.”

పెద్దాయన ఒప్పుకోలేదు. “నువ్వు పోతే నీ చోట మనిషిని పెట్టాలి గదయ్యా. ఏడాదికి మూడు లక్షలు తీసెయ్.”

జీతం లేకుండా చాకిరీ చేసినవాడికి ఇది చేదే. ఒప్పందంలో జీతం రాసుకోలేదు గనుక పాతది అడిగే హక్కూ లేదు. కానీ లెక్క న్యాయమే అనిపించింది, అతని రెక్కల కష్టం అతని వెంటే పోతుంది, బావకు మిగలదు. మిగతా 3 లక్షలకు రెండేళ్లు కడితే 6, అందులో సగం 3. అన్నీ కలిపి అతనికి 8 లక్షలు.

“నీ మొహం చూసే వస్తారు జనం. ఎదురుగా కొట్టు పెడితే నేను డబ్బిచ్చి కొన్నదేమిట్రా?” అన్నాడు బావ. అలా రాసుకోకపోతే బావమరిది పెట్టుకోవచ్చు, పాత పేరు మాత్రం వాడకూడదు. అందుకే మూడేళ్లపాటు ఊళ్లో బట్టల వ్యాపారం చేయనని రాసిచ్చాడు. గడువూ హద్దూ సబబుగా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది.

పత్రం మీద సంతకాలతో పని తీరదు. రద్దు సంగతి గెజిట్‌లోనూ, జిల్లాలో చదివే ఒక తెలుగు పత్రికలోనూ ప్రకటించాలి. ఫర్మ్ రిజిస్టరై ఉంటే రిజిస్ట్రార్‌కూ తెలపాలి. అప్పటిదాకా ఫర్మ్ పేరు మీద బావ తెచ్చే అరువు సరుకుకు బావమరిదీ బాకీదారే కావచ్చు. కొట్టు ఉంచుకునేవారికి ఈ పని తొందర ఉండదు. తప్పుకునేవారు మీరే దగ్గరుండి ప్రకటన వేయించుకోండి.