క్లినిక్ గంటల మధ్య చదువు

మా అక్క కూతురు స్రవంతి బీడీఎస్ అయ్యాక ఒక డెంటల్ క్లినిక్‌లో చేరింది. చదువుకి తీసుకున్న బ్యాంకు లోను వాయిదా దాని జీతంలోంచే కట్టాలి కాబట్టి ఉద్యోగం మానే వీలు లేదు. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉండి, పనిచేసుకుంటూనే నీట్ ఎండీఎస్‌కి చదువుతోంది.

ఆ పరీక్షలో మూడు గంటల్లో 240 ప్రశ్నలు చేయాలి. వంద ప్రశ్నలు అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ లాంటి మొదటి ఏళ్ళ సబ్జెక్టుల నుంచి, మిగతావి ఎక్కువగా పంటి వైద్యం నుంచి వస్తాయి. సరైన జవాబుకి 4 మార్కులిస్తారు, తప్పు రాస్తే 1 కోస్తారు.

మొదట్లో అది రోజుకి ఎనిమిది గంటలు రాసుకుని, ఒక సబ్జెక్టు పూర్తిచేశాకే ఇంకోటి పట్టుకునేది. అనాటమీకి ఇరవై అయిదు రోజులు పట్టింది. ఫార్మకాలజీ ముగిసేసరికి అనాటమీ ప్రశ్నల్లో సగం తప్పాయి. "పిన్నీ, చదివిందంతా నీళ్ళపాలైంది" అని అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

తర్వాత ఆ కాగితం తీసేసి, తనకి నిజంగా ఉన్న గంటలు లెక్కేసుకుంది. క్లినిక్ ఉదయం పది నుంచి ఒకటిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా. తెల్లవారుజామున గంటన్నర మొదటి ఏళ్ళ సబ్జెక్టు చదువుతుంది. మధ్యాహ్నం గంటన్నర పంటి వైద్యం ప్రశ్నలు చేస్తుంది. రాత్రి అరగంట ఆ రోజు తప్పులు చూసుకుంటుంది. ఆదివారం ఆరు గంటలు. అన్నీ కలిపితే వారానికి 27 గంటలు. ఆదివారం కొత్త పాఠం ముట్టుకోదు, వారంలో మిగిలిపోయినవీ పాత తప్పులూ మాత్రమే చూస్తుంది.

పొద్దున, మధ్యాహ్నం చదివేవి ఒకదానికొకటి కలిసేలా చూసుకుంటుంది. ఒకరోజు చీము పట్టిన కింది దవడ పంటికి మత్తు సరిగ్గా ఎక్కలేదట. మధ్యాహ్నం రూట్ కెనాల్ ప్రశ్నలు చేసింది. మర్నాడు పొద్దున ఆ నరం ఎటు పోతుందో అనాటమీలో చదివింది. చీముపట్టిన చోట ఆమ్లగుణం పెరిగి లిగ్నోకెయిన్ నరంలోకి సరిగా వెళ్ళదని ఫార్మకాలజీలో చూసుకుంది. ఒక్క పేషెంటు మూడు సబ్జెక్టుల్ని గుర్తుపెట్టించాడు.

తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా 'తెలీదు', 'మర్చిపోయా', 'సరిగా చదవలేదు' అని మూడింట్లో ఒకటి రాస్తుంది. వారం చివర 'మర్చిపోయా'లు 'తెలీదు'ల కంటే ఎక్కువైతే, మరుసటి వారం పొద్దుటి కొత్త పాఠాలు ఆపేసి పాతవే తిరగేస్తుంది. 'సరిగా చదవలేదు' పెరిగితే నిద్ర చాలడం లేదని అర్థం. అప్పుడు రాత్రి అరగంట మానేసి పడుకుంటుంది.

ఈ పద్ధతికీ ఓ హద్దుంది. పేషెంట్లు ఎక్కువగా వచ్చిన వారం 27 గంటలు 20కి పడిపోతాయి. అలాంటప్పుడు కొత్త పాఠం వాయిదా వేస్తుంది కానీ ఆదివారం తిరగేసేది మాత్రం వదలదు. పరీక్షకి ఇంకా రెండు నెలలుంది. చివరి నెలంతా కొత్తది చదవకుండా, ఆదివారాలు గడియారం పెట్టుకుని పూర్తి పేపర్లు రాయాలని ఇప్పుడే రాసిపెట్టుకుంది.