నాలుగు మూలల మీద ఒక గుండ్రం

పెనుగొండలో మా ఇంటిని కట్టిన తాపీమేస్త్రి గారికి ఇప్పుడు చూపు బాగా మందగించింది. నీటికాసుల జబ్బు చాపకింద నీరులా వచ్చి, రెండు కళ్ళలోనూ అంచుల నుంచి వెలుగును తినేసింది. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడల్లా వారి అరుగు మీద కాసేపు కూర్చొని రావడం నాకు అలవాటు. వెళ్ళిన ప్రతిసారీ ఆయన ఒకే ప్రశ్న వేస్తారు.

"బాబుగారూ, నాలుగు గోడల మీద గుమ్మటం ఎలా కూచుంటదండీ? మూలలు ఏమైపోతాయండీ?"

వయసులో ఉండగా పని కోసం హైదరాబాదు వెళ్ళి, ఓ ఆదివారం గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూశారట. లోపల నిలబడి పైకి చూస్తే కింద చదరం, పైన గుండ్రం. ఆ రెంటి మధ్య ఏం జరిగిందో మెడ నొప్పి పుట్టేదాకా చూసినా అంతుపట్టలేదట. "చెప్తాను మేస్త్రి గారూ" అంటూ నేను చాలా ఏళ్ళు దాటవేశాను. ఇక దాటవేస్తే చూపించడానికి కళ్ళు ఉండవని తోచి, ఈసారి అట్టముక్కలు, కత్తెర, జిగురు పట్టుకొని ఊరికి వెళ్ళాను.

ముందుగా సమస్య ఎంతటిదో కొలుద్దాం. నేను తీసుకున్నది అరవై సెంటీమీటర్ల చదరపు పెట్టె. అందులో సరిగ్గా ఇమిడే గుమ్మటం వ్యాసార్ధం ముప్ఫై సెంటీమీటర్లు. గోడల నడిమి భాగాల్లో గుమ్మటం అంచు గోడను తాకుతూనే ఉంటుంది కనుక అక్కడ చిక్కు లేదు. కాని పెట్టె నడిమి నుంచి మూలకు దూరం 42.4 సెంటీమీటర్లు. అంటే ప్రతి మూలలోనూ గుమ్మటం అంచు కింద 12.4 సెంటీమీటర్ల మేర ఏ ఆధారమూ లేని శూన్యం. మేస్త్రి గారిని ఇన్నేళ్ళూ వేధించింది ఆ శూన్యమే.

దానికి గోల్కొండలో చేసిన పరిష్కారం సూటి అయినది. మూలకు అడ్డంగా గోడ నుంచి గోడకు ఒక తోరణం కడతారు. నాలుగు మూలల్లో నాలుగు తోరణాలు పడేసరికి చదరం అష్టభుజిగా మారుతుంది. మన పెట్టెలో అయితే మూల నుంచి రెండువైపులా 17.6 సెంటీమీటర్ల దగ్గర తోరణపు కాళ్ళు నిలుస్తాయి. ఇప్పుడు అష్టభుజి కొనలకూ గుమ్మటం అంచుకూ మధ్య మిగిలేది 2.5 సెంటీమీటర్లే. ఆ ఎనిమిది కొనలనూ మళ్ళీ కోసి పదహారు భుజాలు చేస్తే మిగిలే ఎడం ఆరు మిల్లీమీటర్లు. దాన్ని సున్నం పూతలోనే సర్దేయవచ్చు. పన్నెండు, రెండున్నర, అర: ఇలా మూల తరిగిపోతుంది.

ఇది చెప్పగానే మేస్త్రి గారు తల ఊపారు గాని తృప్తి పడలేదు. "మొదటి అంగ మరీ పెద్దదండీ" అన్నారు. నిజమే. మొత్తం ఎడంలో ఎనభై పాళ్ళు ఆ ఒక్క తోరణమే దాటాలి. దాని వెనుక లోతైన చీకటి గొయ్యి ఒకటి మిగిలిపోతుంది. ఇరాన్ మొదలుకొని మొరాకో దాకా ఇస్లామీయ శిల్పులు ఆ పెద్ద అంగను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఆ మెట్ల పేరే ముకర్నస్. కింద నిలబడి చూస్తే తేనెపట్టు తలకిందులుగా వేలాడుతున్నట్టు ఉంటుంది. దగ్గరకు వెళ్ళి ఒక్కొక్క గడిని చూస్తే మన పాత ఇళ్ళలో దీపం పెట్టుకొనే గూడే. వెనుక రెండు నిలువు పలకలు ఒక మూలలో కలుస్తాయి, పైన చిన్న కప్పు ముందుకు వంగుతుంది. ఆ కప్పు అంచు మీద పై వరుస గూళ్ళు నిలుస్తాయి. అలా ప్రతి వరుసా కింది వరుస కంటే కాస్త లోపలికి జరుగుతుంది.

ఎంత లోపలికి, ఏ ఆకారంలో? దీనికి జవాబు ముగ్గులో ఉంది. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. ఇరాన్‌లోని తఖ్తె సులేమాన్ శిథిలాల్లో, పదమూడవ శతాబ్దపు మంగోలు రాజప్రాసాదం దగ్గర, అర మీటరు ప్రమాణంలో ఒక జిప్సం పలక దొరికింది. దాని మీద గీతలతో చెక్కి ఉన్నది ఒక ముకర్నస్ కప్పులో నాలుగో వంతు నమూనా, పైనుంచి చూసినట్టుగా. పనివాళ్ళు నేల మీది ముగ్గును చూసుకొంటూ దాన్ని నెత్తిమీద కట్టేవారన్నమాట.

మా ఆవిడ వేసిన ముగ్గు పక్కనే, వాకిట్లో నేనూ ఒకటి గీశాను. ఇందులో నియమం ఒక్కటే: గడుల అంచులన్నీ ఒకే పొడవు. ఆ పొడవును "కొల" అందాం. గడులు మూడు రకాలు. ఒకటి చతురస్రం. రెండవది దాన్ని కర్ణం వెంట కోయగా వచ్చే అర చతురస్రం. మూడవది, పేక ముక్కల మీది డైమండులా నాలుగు అంచులూ సమానంగా ఉండి, ఇరుకు కోణం 45 డిగ్రీలు, వెడల్పు కోణం 135 డిగ్రీలు ఉన్న గడి.

గోడలు కలిసే మూల 90 డిగ్రీలు. అందులో రెండు డైమండుల ఇరుకు కోణాలు పక్కపక్కన సరిగ్గా ఇముడుతాయి. ఒకదాని అంచు ఈ గోడకు, మరొకదాని అంచు ఆ గోడకు ఆనుతాయి. మధ్యలో ఇద్దరికీ ఉమ్మడి అంచు. ఆ ఉమ్మడి అంచు చివర రెండు వెడల్పు కోణాలు కలిసి 270 డిగ్రీలు అవుతాయి, కనుక ఎదురుగా మిగిలేది మళ్ళీ 90. అంటే గోడమూల అచ్చంగా అలాగే ఉండి, ఒక కొల దూరం లోపలికి నడిచి వచ్చింది! ఆ కొత్త మూలలో ఒక చతురస్రం పెడితే, దాని కర్ణం వెంట మరో 1.414 కొలలు ముందుకు వస్తాం. మొత్తం 2.414 కొలలు. కొలను 5.15 సెంటీమీటర్లు తీసుకుంటే ఇది 12.4 సెంటీమీటర్లు, మనం దాటవలసిన శూన్యమే. చతురస్రపు ముందుకొన సరిగ్గా అష్టభుజి భుజం నడిమధ్యన వాలుతుంది.

ఇరుపక్కలా మిగిలిన చోటు ఇదే ముగ్గును అద్దంలో చూసినట్టుగా నిండుతుంది. మొత్తం లెక్క ఇది: ఒక్కో మూలకు నాలుగు డైమండులు, ఒక చతురస్రం, నాలుగు అర చతురస్రాలు. ఎక్కడా ఒక్క ముక్క అతుకు పెట్టనక్కరలేదు. నిజమైన హాలులో ఒక్కో గడి మీటరు పొడవు ఉంటే మోటుగా ఉంటుంది కనుక కొలను తగ్గించి వరుసలు పెంచుతారు. సూత్రం మాత్రం మారదు.

ముగ్గు చెప్పని సంగతి ఒకటుంది, ఎత్తు. ఒకే ముగ్గు నుంచి బల్లపరుపు కప్పునూ కట్టవచ్చు, నిటారైన కప్పునూ కట్టవచ్చు. నా అట్టబొమ్మ దెబ్బతిన్నది అక్కడే. గూటి కప్పు వంపును ప్రతి అంచుకూ ఒకే అచ్చుతో కోశాను. అర చతురస్రపు పొడవాటి అంచు 7.3 సెంటీమీటర్లు ఉంది కదా అని, దానికి మాత్రం వంపును సాగదీశాను. అతికించాక చూస్తే అంతా బాగున్నట్టే కనిపించింది.

మేస్త్రి గారు బొమ్మను ఒళ్ళో పెట్టుకొని మూల నుంచి పైకి వేళ్ళతో తడిమారు. మొదటి వరుస దాటి, గోడ పక్కన వేలు ఆగింది.

"ఇక్కడ సందుందండీ. ఈ గూడూ ఆ గూడూ కలవలేదు."

వెలుతురులో పెట్టి చూస్తే అర చతురస్రానికీ పక్క డైమండుకూ మధ్య సన్నని గీతలా వెలుగు కనబడింది. అప్పుడుగాని నాకు అర్థం కాలేదు. వంపు ఉండవలసింది ఒక కొల పొడవున్న అంచుల మీదే, ఎందుకంటే ఇరుగు పొరుగు గూళ్ళు పంచుకొనేది వాటినే. పొడవాటి కర్ణం గోడకో, వరుస చివరి సమతలపు గీతకో ఆనుతుంది. దానికి వంపు అక్కరలేదు. అన్ని గూళ్ళకూ ఒకే కొల, ఒకే వంపు ఉంటేనే ఏ గడి పక్కన ఏ గడిని పెట్టినా సందు రాదు. సమర్‌ఖండ్‌లో 1427లో అల్-కాషీ అనే గణితవేత్త పూర్తి చేసిన లెక్కల పుస్తకంలో ముకర్నస్ ఉపరితలాన్ని కొలిచే పద్ధతి ఉంది. బాదంపప్పు, కూజా, రెండుకాళ్ళది, బార్లీగింజ అని ముద్దుపేర్లున్న గడులన్నిటినీ ఆయన ఒకే కొలతో లెక్కగట్టగలిగాడంటే, దాని కిటుకు ఈ ఉమ్మడి అంచుల్లోనే ఉంది.

తప్పు ముక్కలు ఊడదీసి, మర్నాడు సరిచేసి తీసుకువెళ్ళాను. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. మూల నుంచి బయలుదేరి, మెట్టు మెట్టుగా, అష్టభుజి భుజం మీదికి చేరుకుంది. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు.

"అన్నీ బాగానే ఉన్నాయండీ. మరి బరువు మోసేదేది? ఇయ్యి మోస్తన్నాయా, ఏలాడతన్నాయా?"

గోల్కొండ చూసి వచ్చిన మిత్రులకు ముకర్నస్ గురించి చెప్పినప్పుడల్లా, "గుమ్మటాన్ని మోసేది ఈ గూళ్ళే" అని నేను ధీమాగా చెబుతూ వచ్చాను. అది అన్నిచోట్లా నిజం కాదు. రాతితో కట్టినచోట గూడు మోస్తుంది. ఢిల్లీలో కుతుబ్ మినారు వసారాల కింద ఉన్న గూళ్ళు అలాంటివి. ప్రతి రాయీ తోక గోడలోకి దిగి ఉండి, ముందుకు చొచ్చిన ముక్కును నిలబెడుతుంది. ఇరాన్‌లోని జిప్సం ముకర్నస్‌లలో చాలా వాటి సంగతి వేరు. అక్కడ వెనుక అసలైన ఇటుక తోరణం మౌనంగా బరువు మోస్తుంటుంది. గూళ్ళ పలుచని పెంకు దాని నుంచి వేలాడుతూ, కంటికి మాత్రం మూలను కరిగిస్తుంది. పెంకు ఊడిపడినచోట వెనుక ఖాళీ, ఆ వెనుక తోరణం కనబడితే అది వేలాడేదని పోల్చుకోవచ్చు.

ఇదంతా చెప్పి, "ఇన్నాళ్ళూ నేను తప్పు చెబుతున్నాను మేస్త్రి గారూ" అన్నాను.

ఆయన నవ్వారు. "గోడలోకి తోక లేని ఇటుకని నేనెప్పుడూ నమ్మలేదండీ" అన్నారు.

బొమ్మను వారి ఇంట్లోనే వదిలి వచ్చాను. ఉదయం కాఫీ తాగాక దాన్ని ఒళ్ళో పెట్టుకొని మూల నుంచి నడిమికి ఒకసారి తడుముతారని, మనవరాలికి "ఇదిగో, ఇక్కడ మూల అయిపోయిందమ్మా" అని చూపిస్తారని వారి అబ్బాయి ఫోనులో చెప్పాడు.