మా ఇంటికొచ్చిన పియానో

మా అమ్మాయి పియానో నేర్చుకుంటానంటే, "వీణ ఉండగా ఇదేం కోరికే?" అన్నాను గానీ లోపల్లోపల సరదాపడ్డాను. రెండేళ్లు చిన్న కీబోర్డుతోనే సరిపెట్టుకుంది. ఆ తర్వాత టీచరుగారు కబురంపారు. "వేళ్లకి పట్టు రావడం లేదండీ, మెట్లు బరువుగా ఉండేది కొనండి" అని.

ఆ వారమే తెలిసినవాళ్లొకరు పాత పియానో చవగ్గా ఇస్తామన్నారు. గోడవారగా నిలబెట్టే రకం. మావారు టేపు పట్టుకుని హాలు కొలిచి, సోఫా తీసేస్తే పడుతుందన్నారు. మెట్టు నొక్కగానే లోపల ఉన్ని అద్దిన సుత్తి లేచి తీగను తాకి వెనక్కొస్తుంది. ఆ కదలికంతా వేలికి తెలుస్తుంది. మరీ మెల్లిగా నొక్కితే సుత్తి తీగదాకా వెళ్లదు, స్వరమే పలకదు! అమ్మాయి మొహం చూసి కొనేద్దామనే అనుకున్నాను.

శ్రుతి చేసే ఆయన్ని వెంట తీసుకెళ్లడం మంచిదైంది. ఆయన పలక తీసి టార్చిలైటు వేశారు. తీగలు తుప్పు. బిరడా ఒకటి తిప్పితే బిగువే లేదు. "ఇవి దిగిన చెక్క వదులైందమ్మా. ఇవాళ శ్రుతి చేస్తే వారానికి జారుతుంది" అన్నారు. సుమారు 230 తీగలు, ఆ లాగుడు ఇనపచట్రం మోసినా శ్రుతి నిలిచేది ఆ చెక్క పట్టుమీదేనట. మంచి పియానోకైనా ఏడాదికి రెండుసార్లు శ్రుతి తప్పదు. మా విశాఖ తేమకి లోపలి చెక్క పలక ఉబ్బి శ్రుతి పెరుగుతుంది, ఆరితే దిగుతుంది. పైగా 200 కిలోల పైచిలుకు బరువు, మాది మూడో అంతస్తు!

చివరికి డిజిటల్ పియానో దగ్గరికే వెళ్లాం. తీగలూ లేవు, శ్రుతీ అక్కర్లేదు. కానీ కొట్లో వాయిద్యాల గొంతులెన్నో వినిపించి మురిపిస్తారు, వాటికి లొంగకూడదు. ఆయన చెప్పినట్టు మెట్లే చూశాం. ఎడమవైపువి బరువుగా, కుడివైపువి తేలిగ్గా ఉండాలి. మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కితే పలకాలి. నల్లమెట్ల మధ్య, లోపలివైపు నొక్కి చూడమన్నారు. చవకరకంలో అక్కడ వేలు మొరాయిస్తుంది, మెట్టు పొట్టిది కనక. మొదట చూసినదాంట్లో అమ్మాయి చిటికెనవేలు అక్కడే ఆగిపోయింది. ఇంకో ఆరువేలు ఎక్కువ పోసి పక్కది తీసుకున్నాం. అయితే పదిపదిహేనేళ్లకి లోపలి సర్క్యూటు పోతే విడిభాగాలు దొరకడం కష్టమట. చెక్క పియానోకి ఆ బాధ లేదు.

ఇప్పుడు రాత్రిళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తుంది. నిశ్శబ్దమే అనుకున్నాం. మొన్న కిందింటి పిన్నిగారు మెట్లమీద ఆపి, "మీ ఇంట్లో రాత్రి పదింటికి ఎవరమ్మా పప్పు దంచేది?" అన్నారు. మెట్ల టకటక నేలలోంచి దిగుతోంది! మందపాటి రబ్బరు చాప పరిచాను. పిన్నిగారు ఇంకా ఏమీ అనలేదు.