నాన్న లెక్క

"ఏటీ లేదమ్మా, కాస్త కడుపు బాగోలేదు." ఫిబ్రవరి నుంచీ నాన్న ఫోన్‌లో చెబుతున్న మాట ఇదొక్కటే. జూన్‌లో పలాస వెళ్ళినప్పుడు ఆయన బెల్టు చూశాను. మేకుతో కొత్తగా పొడిచిన చిల్లులు రెండున్నాయి. ఆ రాత్రే విశాఖలో గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చేతిలో నాలుగు రోజులున్నాయి.

డాక్టర్‌కి ఇవ్వడానికి ఒక కాగితం రాద్దామని కూర్చున్నాను. మొదటిసారి మూడు పేజీలొచ్చింది. మా ఆఫీసులో ఎవరైనా అలాంటి బగ్ రిపోర్ట్ పంపితే నేనే తిప్పి పంపేస్తాను. ఏం జరుగుతోంది, ఎప్పట్నించి, అంతకు ముందు ఏం మారింది: ఈ మూడే ఉంచి మళ్ళీ రాశాను. నాన్న కూడా చదవాలని తెలుగులోనే రాశాను.

'కడుపు బాగోలేదు' అంటే డాక్టర్‌కి ఏమీ తెలీదు. విరేచనమా, మలబద్ధకమా, నొప్పా? నాన్నని అడగడానికి నాకూ సిగ్గే, చెప్పడానికి ఆయనకీ సిగ్గే. అమ్మ మధ్యవర్తి. చివరికి తేలింది ఇది: పూర్వం పొద్దున్న ఒక్కసారే వెళ్ళేవారు. ఇప్పుడు రోజుకి మూడు నాలుగుసార్లు, వెళ్ళొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. వారానికి రెండు రాత్రులు అందుకోసమే నిద్రలేస్తున్నారు. ఈ చివరి వాక్యం కింద గీత గీశాను. ఒత్తిడి వల్ల వచ్చే కడుపు బాధలు మామూలుగా మనిషిని నిద్రలోంచి లేపవు. లేపుతోందంటే లోపల కారణం వెతకాలి.

బరువుకి బెల్టు సాక్ష్యం చాలదు. షుగర్ డాక్టర్ చీటీల మీద పైన మూలన ప్రతిసారీ బరువు రాసి ఉంది. జనవరిలో 71 కిలోలు, జూన్‌లో 65. రెండూ ఒకే క్లినిక్, ఒకే మిషను. తిండి తగ్గించకుండానే ఐదు నెలల్లో ఎనిమిది శాతం పైన పోయింది. ఆరు నుంచి పన్నెండు నెలల్లో ఐదు శాతం దాటితేనే డాక్టర్లు పట్టించుకుంటారు.

మందుల దగ్గరే అసలు చిక్కు. చీటీలో ఉన్నవి రెండే, మెట్‌ఫార్మిన్, ఆస్పిరిన్ 75. మెట్‌ఫార్మిన్ విరేచనాలు చేస్తుంది కాబట్టి అదే కారణమని నేను దాదాపు నిశ్చింతపడ్డాను. కానీ తేదీలు చూస్తే, డోసు పెంచింది ఏప్రిల్‌లో. మార్పు మొదలైంది ఫిబ్రవరిలో. నెపమంతా మందు మీదకి నెట్టడానికి లేదు.

చీటీలో లేనివి అమ్మ అలమారలోంచి తీసింది. మోకాలి నొప్పికి అప్పుడప్పుడూ డైక్లోఫెనాక్. నీరసానికని మే నుంచి ఐరన్ మాత్ర. రాత్రిపూట త్రిఫల చూర్ణం. "అదీ మందేటే అమ్మీ?" అన్నారు నాన్న. మందే, విరేచనాలు చేసే మందు. ఐరన్ వల్ల మలం నల్లబడుతుంది. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ కలిస్తే కడుపులో రక్తం కారి కూడా నల్లబడుతుంది. అప్పుడది తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది. నాన్నది ఏదో తేల్చడం నా పని కాదు. 'మే నుంచి నలుపు, ఐరన్ కూడా మే నుంచే, జిగట లేదు' అని రాశాను. ఏ మందూ నా అంతట నేను ఆపలేదు. మాది ఉద్దానం అంచు, కిడ్నీ భయం ఎప్పుడూ ఉండేదే. అందుకని నొప్పి మాత్ర పక్కనే చివరి క్రియాటినిన్ రిపోర్టు తేదీ, అంకె కూడా వేశాను.

చివర రెండు వాక్యాలు. 'పెదనాన్నకి యాభై రెండేళ్ళకి పెద్దపేగు క్యాన్సర్. నాన్నకి రెండుసార్లు ఎర్రగా రక్తం పడింది, పైల్స్ అనుకున్నాం.'

విశాఖ రైల్లో కాగితం నాన్న చేతిలో పెట్టాను. ముప్పై ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసిన మనిషి, లెక్క తప్పుంటే చూస్తూ ఊరుకోలేరు. కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చదివారు. జేబులోంచి పెన్ను తీసి 'రెండుసార్లు' కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాల్లో 'పది పన్నెండుసార్లు, మార్చి నుంచి' అని రాశారు. కాగితం మడిచి నాకిచ్చి కిటికీ వైపు తిరిగారు.

నేనేమీ అడగలేదు. నాలుగు నెలలు నోటితో చెప్పలేనిది ఆయన ఒక దిద్దుబాటుగా చెప్పారు.

డాక్టర్ ఒక్క నిమిషంలో చదివేశారు. నాన్న చేతిరాత దగ్గర ఆగారు. "ఇది ఎవరు రాశారు?"

"నేనేనండి," అన్నారు నాన్న.

కొలనోస్కోపీ వచ్చే గురువారం. ఐరన్ ఇవాళే ఆపెయ్యమన్నారు, అది పేగు గోడలకి నల్లగా అంటుకుని చూపు కప్పేస్తుందట. నొప్పి మాత్ర మళ్ళీ ముట్టొద్దన్నారు. ఆస్పిరిన్, షుగర్ మాత్రలు ఎప్పుడు ఎలా వేసుకోవాలో విడిగా రాసిచ్చారు. నాన్న ఆ కాగితం కూడా రెండుసార్లు చదివి, తేదీలు సరిచూసుకుని, జేబులో పెట్టుకున్నారు.