మూలమొక్కటే చాలునా?

రామన్నపేటలో ఉండి తెలంగాణ సాహిత్యచరిత్ర చదువుకొనే నాకు, ఆధారాలు చూపే ప్రతిసారీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఒక రచనపై ఖండనగాని సవరణగాని వెలువడి ఉంటే, దానినీ పేర్కొనాలా? మూలమొక్కటే చాలునా?

తెలంగాణలో కవులు పూజ్యమన్న ముడుంబ వెంకట రాఘవాచార్యుల అభిప్రాయానికి సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ అభిప్రాయాన్ని ప్రస్తావించేవారు సంచికను కూడా చూపవలసిందే. లేకుంటే అది ఎవరూ కాదనని మాటగా పాఠకునికి చేరుతుంది. కాని సంచికలోని ఒక పద్యం శైలిని చర్చించేటప్పుడు సంచిక ఒక్కటే చాలు. ఆ వివాదం పద్యపాఠాన్ని తాకదు.

తప్పొప్పుల పట్టికకూ ఇదే కొలత. నేను ఉదాహరించే పాదాన్నే పట్టిక దిద్ది ఉంటే, సవరించిన పాఠమిచ్చి, మూలపుట సంఖ్యతోపాటు పట్టిక ఉన్న పుటసంఖ్యనూ ఇస్తాను. దిద్దినది వేరొక పుటనైతే మూలమే చాలు. పునర్ముద్రణలో దిద్దుబాటు చేరి ఉంటే ఆ ముద్రణనే సంవత్సరంతో పేర్కొంటాను. అయితే చేరినదో లేదో ఆ పుట తెరిచి చూడనిదే తెలియదు. పట్టికను తొలగించి తప్పును మాత్రం నిలిపిన పునర్ముద్రణకు మొదటి ముద్రణే సాక్ష్యం.