డైరీలో 'నేను', కథలో 'కోడలు'

మా అత్తగారు పోయి వచ్చే నెలకి ఏడాది అవుతుంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి పంచడానికి చిన్న పుస్తకం వేయిద్దామని మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, అనుకున్నారు. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో జ్ఞాపకం రాయాలి. "నువ్వు డైరీ రాస్తావుగా, అందులోంచే ఒక రోజు తీసి ఇవ్వు" అన్నారు నాతో.

అటక మీది పెట్టె దింపి పాత డైరీలు తిరగేశాను. చాలావరకు పాలు, పేపరు, ఫీజుల లెక్కలే. అత్తగారి గురించి కాస్త ఎక్కువగా రాసిన పేజీ ఒక్కటే కనిపించింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"14 జూన్ 2011, మంగళవారం. రాత్రి పదిన్నర. ఇప్పుడే కూర్చున్నాను. పిల్లాడు నిద్రపోతున్నాడు. పొద్దున ఆవిడ బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. ఎముక విరగలేదట, మణికట్టు బెణికిందట. కట్టు కట్టారు. పిలిచారు, నాకు వినపడలేదు. పాలవాడితో మాట్లాడుతున్నాను. నిన్ననే చెప్పాను, గచ్చు జారుతోందని. రోజూ తెల్లవారకుండా లేస్తారు, ఎవరి మాటా వినరు. ఈయన నన్ను ఒక్క మాటైనా అడగలేదు. రేపు కట్టు నేనే మారుస్తాను. నేను ఏమీ తినలేదు. ఆవిడా తినలేదు."

ఇది ఇలాగే అచ్చేస్తే పోయినావిడ మీద చాడీ చెప్పినట్టుంటుంది. పోనీ 'నేను' తీసేసి ఎవరో ఒక కోడలి కథలా రాద్దామనుకున్నాను. పావుగంట పని అనుకుంటే మూడు మధ్యాహ్నాలు పట్టింది.

మొదటిసారి చేసింది అందరూ చేసేదే. 'నేను' ఉన్నచోటల్లా 'ఆమె' పెట్టాను, 'కూర్చున్నాను'ని 'కూర్చుంది' చేశాను. 'ఆవిడ'ని కూడా 'ఆమె' అనే రాశాను. "ఆమె ఇప్పుడే కూర్చుంది. పొద్దున ఆమె జారి పడింది. నిన్ననే ఆమె చెప్పింది. ఆమె ఎవరి మాటా వినదు." మా ఆయనకి చదివి వినిపిస్తే, "ఎవరు పడ్డారు, ఎవరు చెప్పారు, ఎవరు వినరు?" అన్నారు. నిజమే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఒక్క 'ఆమె' సరిపోదు.

పేర్లు పెడదామా అనుకున్నాను. అత్తగారి పేరు రాసి 'జారి పడింది' అనడానికి చెయ్యి రాలేదు. కథల్లో పెద్దవాళ్ళనైనా 'వచ్చింది, వెళ్ళింది' అని రాస్తారని తెలుసు. అయినా నా వల్ల కాలేదు. చివరికి ఆ మొహమాటమే దారి చూపించింది. కథ కోడలి పక్కన నిలబడి చెబుతున్నప్పుడు అత్తగారికి 'పడ్డారు, అన్నారు' అని, కోడలికి 'చూసింది, అంది' అని రాస్తే చాలు. మన భాషలో కర్త లేకపోయినా క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది. 'లేపింది' అంటే కోడలు, 'లేచారు' అంటే అత్తగారు. 'ఆమె' అనే మాట దాదాపు అక్కర్లేకుండా పోయింది.

ఒక్కచోట మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. 'తినలేదు, అడగలేదు' అన్నవి నేనైనా, ఆవిడైనా, వాళ్ళైనా ఒకేలా ఉంటాయి. అక్కడ కర్తని రాసి తీరాలి.

తర్వాత కాలం సంగతి. డైరీ రాసింది రాత్రి పదిన్నరకి కాబట్టి నిన్న, ఇప్పుడు, రేపు అన్నీ ఆ కుర్చీలోంచి చూసినవే. కథ మొదలయ్యేది తెల్లవారుజామున. కాగితం మీద సోమవారం, మంగళవారం, బుధవారం అని మూడు గీతలు గీసి, డైరీలోని ఒక్కో వాక్యాన్నీ అది జరిగిన రోజు కింద, జరిగిన వరసలో పెట్టాను. 'నిన్ననే' సోమవారం కిందకి వెళ్ళి 'ముందురోజు' అయింది. 'రేపు' బుధవారం కిందకి వెళ్ళి 'మర్నాడు' అయింది. డైరీలో మొదటి వాక్యమైన 'ఇప్పుడే కూర్చున్నాను' కథలో చివరికి పోయింది.

'రోజూ లేస్తారు, వినరు' అన్నవి ఏ గీత కిందా ఇమడలేదు. అవి ఒక రోజు జరిగినవి కావు, అలవాట్లు. కథంతా జరిగిపోయినట్టు చెబుతున్నప్పుడు అవి కూడా 'లేచేవారు, వినేవారు కాదు' అయిపోవాలి. వ్యాకరణం ప్రకారం అంతే. కానీ 'లేచేవారు' అని రాశాక కలం పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాను. ఆవిడ గురించి ఆ క్రియ అలా రాయడం నాకు అదే మొదటిసారి.

'మాట్లాడుతున్నాను'తో ఇబ్బంది లేదు. 'పొద్దున ఐదున్నరకి' అని ముందు పెడితే 'మాట్లాడుతోంది' అన్నా గడిచిపోయిన పొద్దుటి సంగతేనని అర్థమవుతుంది. చిక్కల్లా 'కట్టు నేనే మారుస్తాను' దగ్గర వచ్చింది. అన్నిటినీ మార్చే ఊపులో 'మర్నాడు కట్టు మారుస్తుందనుకుంది' అని రాశాను. అలా రాస్తే కట్టు మార్చేది ఇంకెవరో అయిపోతుంది. మనసులో అనుకున్న మాట మనసులో ఉన్నట్టే ఉండాలి: 'మర్నాడు తనే మారుస్తాననుకుంది.' బయటి క్రియ మారింది కానీ, లోపలి 'ను' కదలకూడదు.

ఇక 'విరగలేదట'. డైరీలో ఆ 'ట' హాయిగా ఉంటుంది, ఎవరో చెప్తే విన్నానని దాని అర్థం. కథ చెప్పేవాళ్ళు 'విరగలేదట' అంటే వాళ్ళకీ సరిగ్గా తెలియదన్నట్టుంటుంది. 'ట' తీసేయాలంటే ఎవరు చెప్పారో రాయాలి. చెప్పింది మా ఆయన. ఆటోలో తీసుకెళ్ళింది ఆయన, ఎక్స్‌రే తీయించింది ఆయన. పిల్లాణ్ణి బడికి పంపాలని నేను ఇంట్లో ఉండిపోయాను.

అలాంటిదే 'పిలిచారు, నాకు వినపడలేదు' కూడా. వినపడకపోతే పిలిచారని నాకెలా తెలుసు? కోడలి పక్కన నిలబడి కథ చెబుతూ, ఆమెకి వినపడని పిలుపుని ఐదున్నరకి రాయకూడదు. అది ఆమెకి తెలిసిన వేళకి జరపాలి. అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి వచ్చాక మంచం మీద పడుకుని అత్తగారే చెప్పారు, "ఒక్కసారి పిలిచానమ్మాయ్, పాలవాడితో ఉన్నావు కదా అని మళ్ళీ పిలవలేదు" అని. డైరీలో ఆ రెండో సగం రాసుకోలేదు నేను.

మిగిలింది 'నిన్ననే చెప్పాను'. సోమవారం కింద ఒంటరిగా కూర్చుంది. కథలో 'ముందురోజు చెప్పింది' అంటే చదివేవాళ్ళు ఎవరికి అని అడుగుతారు. డైరీలో నన్నెవరూ అడగలేదు. 'అత్తగారికి చెప్పింది' అని రాసి మా ఆయనకి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "అమ్మకి ఎక్కడ చెప్పావు? నాకు చెప్పావు. రాత్రి అన్నం తింటున్నప్పుడు. ఆదివారం మేస్త్రీని పిలుస్తానన్నాను కూడా" అన్నారు.

కాదని అనబోయాను. కానీ సోమవారం గీత కింద అత్తగారితో గచ్చు గురించి మాట్లాడినట్టు ఒక్క దృశ్యమూ నాకు దొరకలేదు. ఎక్కడ నిలబడి చెప్పాను, ఆవిడ ఏమన్నారు? ఏమీ లేదు. అన్నం కంచాలు, ఆయన తల ఊపడం మాత్రం కళ్ళకి కట్టినట్టు ఉన్నాయి. 'చెప్పాను', దాని పక్కనే 'ఎవరి మాటా వినరు' అని రాసుకున్నాను కాబట్టి, ఇన్నేళ్ళూ చెప్పినా వినలేదనే అనుకున్నాను. నలుగురి దగ్గర అన్నాను కూడా. చెప్పనేలేదు.

డైరీలో ఒక్క అక్షరం దిద్దలేదు. ఆ రాత్రి నాకున్న కోపానికి అది సాక్ష్యం. కథలో మాత్రం జరిగినట్టే రాశాను. 'ఎవరి మాటా వినేవారు కాదు' అన్నది తీసేశాను. తర్వాతి సంగతులు కూడా కలపలేదు. ఆ చెయ్యి మళ్ళీ మునుపటిలా కాలేదని నాకిప్పుడు తెలుసు కానీ ఆ మంగళవారం కోడలికి తెలియదు. వదినకి పంపింది ఇదీ:

"సోమవారం రాత్రి అన్నం తింటూ కోడలు బాత్‌రూమ్ గచ్చు జారుతోందని భర్తకి చెప్పింది. ఆదివారం మేస్త్రీని పిలుస్తానన్నాడు. అత్తగారికి చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

అత్తగారు రోజూ తెల్లవారకుండా లేచేవారు. మర్నాడు ఐదున్నరకి కోడలు గేటు దగ్గర పాలవాడితో లెక్క మాట్లాడుతోంది. పాలగిన్నెతో లోపలికి వచ్చేసరికి అత్తగారు బాత్‌రూమ్ గుమ్మంలో చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నారు. భర్త ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కోడలు పిల్లాణ్ణి బడికి పంపింది. మధ్యాహ్నం తిరిగి వచ్చి, ఎముక విరగలేదని, మణికట్టు బెణికిందని భర్త చెప్పాడు. కోడలిని ఒక్క మాటైనా అడగలేదు. 'ఒక్కసారి పిలిచానమ్మాయ్, పాలవాడితో ఉన్నావు కదా అని మళ్ళీ పిలవలేదు' అన్నారు అత్తగారు. కోడలు ఏమీ అనలేదు.

రాత్రి పదిన్నరకి, పిల్లాడు నిద్రపోయాక, డైరీ తీసుకుని కూర్చుంది. మర్నాడు కట్టు తనే మారుస్తాననుకుంది. ఆ రోజు కోడలు ఏమీ తినలేదు. అత్తగారూ తినలేదు."

చివరి రెండు వాక్యాల్లో 'తినలేదు' అన్న క్రియని మార్చే పని పడలేదు. డైరీలో ఎలా ఉందో అలాగే ఉంది.

రాత్రి వదిన ఫోన్ చేశారు. కథ బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "పిలిచిన సంగతి అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు" అన్నారు. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. "పుస్తకంలో ఇదే ముందు వేస్తాను" అని ఫోన్ పెట్టేశారు.