మొత్తం సరిపోయింది, పేర్లే తప్పాయి

"పన్నెండో తారీఖున 30 వేలకి చెక్కు ఇచ్చాను కదమ్మా! ఇంకా 18 వేలు బాకీ అని మెసేజ్ పెట్టారేంటి?"

ఫోన్‌లో మంగళగిరి మెడికల్ షాపాయన. విజయవాడలో ఓ మందుల హోల్‌సేల్ ఆఫీసులో ట్రైనీ క్లర్కుగా చేరి నాకప్పటికి రెండు నెలలు. మా క్యాషియర్ గారికి జ్వరమొచ్చి ఆ రోజు రాలేదు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. రసీదు పుస్తకం పట్టుకోవడం దగ్గర్నుంచి పని నేర్పింది ఆయనే. ఏళ్ల తరబడి ఒక్క రోజు సెలవు పెట్టలేదని ఆఫీసంతా మెచ్చుకునేవారు.

రసీదు పుస్తకం, క్యాష్ బుక్ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆయన చెప్పింది నిజమే. రసీదు నకలులో మంగళగిరి చెక్కు 30 వేలు. క్యాష్ బుక్‌లో అదే రోజు మంగళగిరి పేరు మీద 12 వేలే ఉంది. దాని కిందే గుడివాడ షాపు, నగదు 18 వేలు. కానీ ఆ రోజు గుడివాడకి రసీదే రాయలేదు!

గుడివాడ రసీదు వెతికితే ఏడో తారీఖున దొరికింది. వాళ్లు 25 వేలు నగదు ఇచ్చారు. క్యాష్ బుక్‌లో ఆ రోజు వాళ్లకి జమ అయింది 7 వేలే. మిగతా 18 వేలు తెనాలి షాపు పేరు మీద పడ్డాయి. తెనాలి వాళ్లు నిజంగా కట్టింది మూడో తారీఖున. ఆ రోజు క్యాష్ బుక్‌లో తెనాలి ఊసే లేదు.

అంటే మూడో తారీఖున తెనాలి వాళ్లిచ్చిన 18 వేలు పెట్టెలోకి రాలేదు. ఆ లోటుని గుడివాడ డబ్బుతో, గుడివాడ లోటుని మంగళగిరి డబ్బుతో పూడ్చారు. బీకాం ఆడిటింగ్ పేపర్లో దీన్ని ల్యాపింగ్ అని బట్టీపట్టాను. మార్కులొచ్చాయి కానీ ఇలా ఉంటుందని అప్పుడు తెలీదు.

మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు దొరకలేదు? ఏడో తారీఖున వచ్చింది 25 వేలు, రాసింది 25 వేలు, బ్యాంకులో కట్టింది 25 వేలు. పన్నెండున 30 వేలూ అంతే. రోజు మొత్తం ఎప్పుడూ సరిపోతుంది. మా ఆఫీసులో చూసేది ఆ మొత్తాన్నే. పేర్లు ఎవరూ చూడరు.

అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. లైన్ సేల్స్‌మేన్ వసూలు చేసిన డబ్బు నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చాడేమో? ఏ క్లర్కైనా ఒక పేరు బదులు ఇంకో పేరు రాయొచ్చు కదా? కానీ మూడు రసీదులూ కౌంటర్ దగ్గర బాబాయ్ చేతిరాతతోనే ఉన్నాయి. చివరికి బ్యాంకు స్లిప్ తీశాను. పన్నెండో తారీఖు క్యాష్ బుక్ ప్రకారం మంగళగిరి చెక్కు 12 వేలు. స్లిప్‌లో అదే చెక్కు 30 వేలు. స్లిప్‌లో నగదు 18 వేలు తక్కువ, చెక్కులు 18 వేలు ఎక్కువ. నగదు పద్దుకి ఏ కథైనా చెప్పొచ్చు. చెక్కు మీద మాత్రం ఇచ్చినవాళ్ల పేరుంటుంది, అంకె ఉంటుంది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. ముందు బాబాయ్‌కే ఫోన్ చేద్దామనుకున్నా. నంబర్ కూడా తీశాను. కానీ చెబితే రేపే వచ్చి ఇంకో షాపు డబ్బుతో మంగళగిరిని సరిచేస్తారు. అప్పుడు ఈ మాట చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలదు. మూడు నకళ్లకీ, క్యాష్ బుక్ పేజీలకీ, స్లిప్‌కీ ఫొటోలు తీసుకుని ఓనర్ గారి గదిలోకి వెళ్లాను. దొంగతనం అనే మాట అనలేదు. "సార్, ఈ తేదీలు, పేర్లు కలవట్లేదు. ఒకసారి చూస్తారా?" అన్నాను.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత రెండు రోజులు తనే కూర్చుని షాపులన్నిటికీ ఫోన్ చేసి, వాళ్ల దగ్గరున్న రసీదులు అడిగారు. ఇలాంటి గొలుసులు ఇంకో మూడు బయటపడ్డాయి. మొత్తం 64 వేలు. లోటు ఎప్పుడూ పోదు, ఒక పేరు మీంచి ఇంకో పేరు మీదకి జరుగుతుందంతే. అందుకే రోజూ ఎవరో ఒకరు కూర్చుని దాన్ని జరపాలి. బాబాయ్ సెలవు ఎందుకు పెట్టలేదో అప్పుడర్థమైంది.

ఆయన తిరిగొచ్చాక కాదనలేదు. "మళ్లీ పెట్టేద్దామనే తీశానమ్మా" అన్నారు, నా వైపు చూడకుండా. వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకుని ఉద్యోగం మానేశారు.

ఇప్పుడు మా ఆఫీసులో రసీదు రాసేది ఒకరు, క్యాష్ బుక్‌లో ఎక్కించేది ఇంకొకరు. రసీదు రాయగానే షాపుకి మెసేజ్ వెళ్తుంది. నేను మొత్తం కంటే ముందు పేరు, తేదీ చూస్తాను. "పద్దులో పేరు ముందు రాయి, అంకె తర్వాత" అని మొదటి రోజు చెప్పింది బాబాయే.